కుటుంబ అవసరాల నిమిత్తం

కర్ణాటకలోని సింధనూరులో, కోర్టు వెనక సందులో నాదొక అద్దె ఇల్లు. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి, ఉన్నదున్నట్టు మార్చానని సంతకం పెట్టి ఇవ్వడం నా పని. పెళ్ళి చేసుకోలేదు. కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అనుకుంటారు, నిజమే. వచ్చేవాళ్ళు కాగితం ఇచ్చి పోతారు, మళ్ళీ వచ్చి తీసుకుపోతారు. నేనూ ఎవరినీ కూర్చోమనను.

ఆమె మాత్రం చెప్పకుండానే కూర్చుంది. తుర్విహాళ దగ్గర కాలువ కింద వరి పండించుకునే మనిషి. ఎప్పుడో గోదావరి వైపు నుంచి భర్తతో, ఇద్దరు మరుదులతో వచ్చింది. భర్త పోయిన ఏడాదే మరుదులు కోర్టుకెళ్ళారు, పొలం ఉమ్మడిది, మూడు వాటాలు వెయ్యమని.

"మా ఆయన పేరున ఉందిగానీ, కొన్నది నా డబ్బుతోనండీ టీచరుగారూ. మా నాన్న నాకిచ్చిన చేను అమ్ముకుని వచ్చాం. ఇదిగోండి ఆ అమ్మకం దస్తావేజు" అని సంచిలోంచి నకలు తీసింది. ఆ డబ్బు ఆమెదని తేలితే పొలమంతా నిలుస్తుంది. తేలకపోతే భర్త వాటాగా మూడో వంతు. ఆమె దగ్గరున్న రుజువు ఆ ఒక్క తెలుగు కాగితమే. ఇక్కడి జడ్జిగారికి తెలుగు చదవడం రాదు. పై కోర్టుకెళ్ళినా పనికొస్తుంది, ఇంగ్లీషులో చేయించమని ఆమె లాయరు చెప్పాడట.

రాయచూరులో పుట్టి పెరిగిన నాకు ఆ వైపు మాటలు కొన్ని కొత్త. విస్తీర్ణం ఎకరా డెబ్బయి ఐదు సెంట్లు, అనగా పదిహేడున్నర కుంచాలు అని ఉంది. పది సెంట్లను వాళ్ళూళ్ళో కుంచమంటారట. ఇక్కడివాళ్ళకు ఎకరా, గుంట తప్ప ఇంకో లెక్క తలకెక్కదు. లాయరు గుమాస్తా ఫోను చేసి, గుంటల్లోకి మార్చి రాసేయండి, గొడవ ఉండదు అన్నాడు. దస్తావేజులో లేని కొలత దస్తావేజు నోట పలికించడానికి నువ్వెవరు, నేనెవరు అని ఫోను పెట్టేశాను. సెంట్లు, కుంచాలు అలాగే ఉంచి, ఎకరా ముప్పయి గుంటలకు సమానమని అడుగున నోటు రాశాను. 'జిరాయితీ'ని కూడా కదిలించలేదు. అది సర్కారుకు శిస్తు కట్టుకునే రైతు సొంత భూమి అని మరో నోటు.

తూర్పు హద్దు పంట బోదె అని ఉంది. బోదె అంటే ఏందమ్మ అని అడిగాను. ఆమె నేల మీద వేలితో గీసి చూపించింది, కాలువలోంచి చిన్న పాయ ఎలా చీలుతుందో, అది ఎవరెవరి చేల గట్ల పక్కనుంచి పోతుందో. వరి కోతలప్పుడు వాళ్ళ నాన్న ఆ గట్టు మీదే కూర్చుని చుట్ట కాల్చుకునేవాడట. హద్దు రాయడానికి చుట్ట అక్కర్లేదు. అయినా విన్నాను.

బస్సు వచ్చేదాకా అని కూర్చునేది, బస్సు పోయినా లేచేది కాదు. గోంగూర పచ్చడి తెచ్చేది. నా వంట చూసి, ఇదేం పప్పండీ, నీళ్ళలో పప్పు ఈదుతోంది అని వెక్కిరించింది. ఇంకెవరైనా అయితే గుమ్మం చూపించేదాన్ని. ఆమె రాని రోజు రెండు గ్లాసుల టీకి నీళ్ళు పోసి, నా మీద నాకే చిరాకు పడ్డాను. పని త్వరగా తెమిలిపోతుందేమోనని భయపడ్డాను కూడా.

దస్తావేజులో అసలు ప్రాణం ఒక వాక్యంలో ఉంది. 'నా తండ్రిగారు పసుపు కుంకుమ కింద నాకు దఖలు పరచగా, నాటి నుండి నేను సర్వ హక్కులతో అనుభవించుచున్న భూమి.' గుమాస్తా మళ్ళీ ఫోను చేశాడు, డౌరీ అని వేసేయండి మేడం, అందరికీ అర్థమవుతుంది అని. అలా వేస్తే ఆమె కొంప మునుగుతుంది. కట్నం వేరు, పసుపు కుంకుమ వేరు. పెళ్ళిలో తండ్రి కూతురికి ఆమె సొంతానికని రాసిచ్చే ఆస్తి అది, అందులో అత్తింటివాళ్ళకు హక్కుండదు. మాటను తెలుగులోనే ఉంచి, ఈ సంగతంతా కింద వివరించాను.

తర్వాత వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. 'మా కుటుంబ అవసరాల నిమిత్తం విక్రయించడమైనది.' ఎందుకు అమ్ముతున్నారో రాయాల్సిన చోట లేఖరులు ఈ మాట అలవాటుగా రాసేస్తారు. కొడుకు చదువుకు అమ్మినా, కోపంతో అమ్మినా, వేరే చోట చేను కొనడానికి అమ్మినా ఇదే మాట. నేను చూసిన తెలుగు దస్తావేజుల్లో చాలావాటిలో ఇదే ఉంది. కానీ ఇక్కడ ఈ మాట మరుదుల చేతికి కత్తి ఇచ్చినట్టే. డబ్బు సంసారానికి ఖర్చయిపోయింది, పొలం ఉమ్మడి సంపాదనతో కొన్నాం అంటారు.

ఆమెకు చదివి వినిపించాను. ముఖం వాడిపోయింది.

"అలాగని రాశాడా ఆ లేఖరి? మేం అడగనైనా లేదండీ. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను." "కర్ణాటకలో పొలం కొనడానికి అని రాయండి టీచరుగారూ. నిజమే కదండీ" అంది.

"నిజమే గానీ, ఇందుల లేదు కదమ్మ. లేని మాట నేనెట్ల రాస్త?"

"మీరు రాస్తే ఎవరికి తెలుస్తుందండీ?"

"అవతలి లాయరు తెలుగు వచ్చినోణ్ణి తెచ్చి చదివిస్తడు. అప్పుడు పసుపు కుంకుమ అన్నది గూడ అబద్ధమే అంటరు. ఉన్నది గూడ పోతది."

ఆమె సంచి తీసుకుని లేచింది. ఫ్యామిలీ నెసెసిటీస్ అని రాసి సంతకం పెట్టాను. కాగితాలకు ఆమె రాలేదు, గుమాస్తాను పంపింది. ఆ వారమంతా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. నా పని నేను సరిగ్గానే చేశాను. ఆ మాట చెప్పుకుందామన్నా వినే మనిషి లేదు.

అనువాదం నాదేనని చెప్పడానికి కోర్టుకు పిలిచారు. కుటుంబ అవసరాల నిమిత్తం అని మూలంలో ఉందా అని అవతలి లాయరు అడిగాడు. ఉంది అన్నాను. అంతటితో దిగిపోవాలి. దిగబుద్ధి కాలేదు. "అది అందరి దస్తావేజుల్ల లేఖరులు ఊరికే రాసే మాటనే సార్" అన్నాను. మీరు అనువాదకులు, అడిగినదానికే చెప్పండి అన్నారు జడ్జిగారు. నా మాట రాసుకోలేదు. వెనక బెంచీ మీద ఆమె తల వంచుకుని ఉంది.

తీర్పు మరుదుల వైపే వచ్చింది. ఆమెకు మూడో వంతు. పై కోర్టుకు పోయే ఓపిక లేదని, ఆ ముక్క అమ్మేసి చెల్లెలి ఊరికి వెళ్ళిపోతున్నానని చెప్పడానికి వచ్చింది. కూర్చోమ్మ అన్నాను. ఎవరితోనైనా ఆ మాట అని ఎన్నేళ్ళయిందో.

కూర్చుని, సంచిలోంచి నా అనువాదం తీసింది. "దీంట్లో మా నాన్న పేరు ఎక్కడుందో చూపించండి" అంది. చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా ఆ చోట వేలు పెట్టింది.

"నాన్న ఇచ్చాడని ఉంది కదండీ?"

"ఉందమ్మ. పసుపు కుంకుమ కింద ఇచ్చిండని ఉంది."

"కోర్టు ఈ మాట కాదనలేదు కదండీ?"

"అనలే. డబ్బు ఎటు పోయిందన్నదే నమ్మలే."

అయితే చాలండీ అంది. కాగితాన్ని చీర చెంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. పప్పులో నీళ్ళు తగ్గించుకోమని చెప్పి, బస్సుకు వేళయిందని లేచింది. ఈసారి నిజంగానే బస్సు వేళకు వెళ్ళింది. ఇంకో నాలుగు మాటలు మాట్లాడి పొమ్మని అడగడం నాకు చేతకాలేదు.