ఓనరు పేరు

సత్యవాణి పద్దెనిమిదేళ్లుగా రాజమండ్రి కోర్టు ఎదుట అగ్రిమెంట్లు టైపు చేస్తోంది. 2009 చివర్లో తానే ఒక ఇంట్లో అద్దెకు దిగబోతూ, ఆ అగ్రిమెంటూ తానే టైపు చేసుకుంటోంది. ఇల్లు మస్కట్‌లో ఉంటున్న భాస్కరానిది. ఆయన ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీతో, ఆయన తరఫున అగ్రిమెంటు మీద సంతకం పెట్టడానికి బావమరిది అప్పాజీ వచ్చాడు.

"ఓనరుగా నా పేరు రాసేయండి మేడం. టాక్స్ గొడవే ఉండదు," అన్నాడతను.

సత్యవాణికి ఒళ్లు మండింది.

"మీకున్నది పవరండి, ఇల్లు కాదు. ఓనరు విదేశంలో ఉంటే, అద్దెలో ముప్పై శాతం పైచిలుకు టాక్స్ కట్ చేసి గవర్నమెంటుకి కట్టాల్సింది నేను. కట్టకపోతే వడ్డీతో సహా నా మెడకే చుట్టుకుంటుంది. మిగతాది ఇక్కడి బ్యాంకులో ఆయనకున్న ఎన్నార్వో ఖాతాలో వేస్తాను, కట్ చేసినదానికి సర్టిఫికెట్ ఇస్తాను. ఎక్కువనిపిస్తే ఆయన రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకుంటారు. పదకొండు నెలల గడువు, రెండు నెలల నోటీసుతో పాటు ఇదీ రాశాను."

"అయితే ఇల్లు ఇంకొకళ్లకిచ్చుకుంటాం."

"ఇచ్చుకోండి." ఆమె మిషన్లోంచి స్టాంపు కాగితం లాగి అతని ముందు పెట్టింది. "వాళ్ల అగ్రిమెంటు టైపు చేసేదీ నేనేనండి. అందులోనూ ఓనరు మస్కట్‌లోనే ఉంటారు."