చిన్నపని సారూ, ప్రూఫక్క శనివారమూ

శుక్రవారం సాయంత్రం మేనేజరు టీ కప్పు పట్టుకుని హాల్లోకి వచ్చాడంటే ఎవరిదో ఒకరి శనివారం గాల్లో కలిసిపోయినట్టే. మామూలు రోజుల్లో ఆయన టీ ఆయన గదిలోనే తాగుతాడు. శుక్రవారం మాత్రం బల్లల మధ్య తీరిగ్గా తిరుగుతూ, సంతలో గేదెను ఎంచుకునే ఆసామిలా ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తాడు. తర్వాత ఎవరి బల్ల దగ్గరో ఆగి, "చిన్న పనే" అంటాడు. అందుకే ఆయనకు వెనకాల చిన్నపని సారని పేరు. ముందర మాత్రం అందరూ వినయం ఒలకబోస్తారు.

ఆ ప్రెస్సులో మందుల పెట్టెలూ, సీసాలకు అంటించే లేబుళ్ళూ అచ్చవుతాయి. అచ్చుకు వెళ్ళేముందు ప్రతి అక్షరాన్నీ, ప్రతి చుక్కనూ చూసి సంతకం పెట్టేది ప్రూఫక్క. నలభై దాటిన మనిషి. వరుస కింద స్కేలు పెట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు కొసకు దించుకుని చదువుతుంది. కామా మింగేసినవాణ్ణి పురుగును చూసినట్టు చూస్తుంది. మిల్లీగ్రాముకీ మైక్రోగ్రాముకీ తేడా పట్టించుకోనివాడితో అసలు మాట్లాడదు. మేనేజరంటే ఆమెకు మరీ చులకన. ఏ కంపెనీ అడిగినా ఆలోచించకుండా "శనివారానికల్లా ఇచ్చేస్తాం" అని అరచేతిలో వైకుంఠం చూపించి, ఆ బరువు తెచ్చి ఇంకొకరి నెత్తిన రుద్దే మనిషి. ఇంత తెలిసీ, ఆయన వచ్చి "మీరైతేనేనమ్మా, మీ కన్ను పడితే నాకు నిశ్చింత" అని మునగచెట్టు ఎక్కించగానే ఆమె ఎక్కి కూర్చునేది. శనివారం వచ్చి, ఖాళీ హాల్లో ఒంటరిగా చదువుతూ ఆయన్ని తిట్టుకునేది.

ఈసారి అలా కుదరదు. ఆ శనివారం పొద్దున్న ఆమెకు కారు నడిపే పరీక్ష ఉంది. పోయిన నెలలో ఒకటి ఇలాంటి చిన్న పని కిందే పోయింది. నేర్చుకునేవాళ్ళకిచ్చే తాత్కాలిక లైసెన్సు గడువు ఇక ముగియబోతోంది, ఇదీ తప్పితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఊరి అవతలి కొసన, బస్సు వెళ్ళని పేటలో ఆమె తల్లి ఉంటుంది. అక్కడికి వెళ్ళాలంటే మొగుడు తీసుకెళ్ళాలి. ఆయనకు బుద్ధి పుట్టాలి, బుద్ధి పుట్టినా బండి దిగగానే గడియారం చూసుకోకుండా ఉండాలి. "నేర్చుకుని నువ్వేం చేస్తావే, నేనున్నాగా" అంటాడు. ఉన్నాడు, సోఫాలో.

టీ కప్పు తన బల్లవైపు తిరగడం చూసి ప్రూఫక్క చూపు కాగితంలోకి దించేసింది. పక్క బల్ల నుంచి జ్వరం బాబాయి గుసగుసలాడాడు. అతను బొమ్మలూ అక్షరాలూ పేర్చే మనిషి. ఏ శుక్రవారమైనా పని పడేలా ఉంటే అతనికి ఒళ్ళు కాలిపోతుంది.

"జ్వరమని చెప్పెయ్ అక్కా. లేదంటే మీ అత్తగారికి బాగోలేదను."

"మా అత్తగారు పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలీదా? దినానికి వచ్చి తిన్నావుగా."

"ఆయనకి గుర్తుంటుందేంటి?"

గుర్తుండదు, నిజమే. కానీ సోమవారం పొద్దున్న నంగనాచిలా దగ్గుతూ తిరిగే జ్వరం బాబాయిని ఆమె ఎన్నోసార్లు చూసింది. ఆ మొహం తను పెట్టుకోలేదు. పైగా ఈ ఉద్యోగం ఆమెకు కావాలి. ప్రూఫుల విభాగానికి పెద్దను వేస్తారని వినికిడి, ఎవర్ని వెయ్యాలో పైవాళ్ళకు చెప్పవలసింది ఈ చిన్నపని సారే. కాదంటే మనసులో పెట్టుకుని సాధిస్తాడని ఆమె భయం. ఆయనతో చెడకూడదు. ఆయన మాట వినకూడదు. రెండూ ఒకేసారి ఎలాగో ఆమెకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"చిన్న పనేనమ్మా," అన్నాడు మేనేజరు, కప్పు ఆమె బల్ల మీద పెడుతూ. "పిల్లల సిరప్పు పెట్టె. కంపెనీవాళ్ళు మాటలు మార్చి పంపారు. రేపొచ్చి చూసేస్తే సాయంత్రానికి పంపేద్దాం."

"ఎప్పుడు పంపారు సార్?"

"మొన్నో ఎప్పుడో వచ్చింది. చూసుకోలేదు." ఆ మాట వాన పడిందన్నంత తేలిగ్గా అన్నాడు.

ఆమె నాలుక మీదికి చాలా వచ్చాయి. అన్నిటినీ మింగింది. పరీక్ష సంగతి పూసగుచ్చినట్టు చెబుతూ కూర్చుంటే బేరం మొదలవుతుందని తెలుసు: పొద్దున్న పరీక్షయితే మధ్యాహ్నం రావచ్చుగా అంటాడు.

"రేపు నేను రాలేను సార్. ముందే పెట్టుకున్న పని, వాయిదా వెయ్యడం కుదరదు."

మేనేజరు బుర్ర గోక్కున్నాడు. "ఆదివారం?"

"ఆదివారం కూడా కుదరదు సార్. మీకు పని ఆగకూడదు, అంతే కదా. మోతాదుల భాగం ఇవాళ కూర్చుని చూసేసి వెళ్తాను, తప్పొస్తే ప్రమాదం అక్కడే. మిగతాది సోమవారం పెందలాడే వచ్చి పూర్తి చేస్తాను. అచ్చు ప్లేట్లు చేసే గదికి ఈ రెండు రోజులూ తాళమే కదా, రేపు నేను చూసినా ఫైలు సోమవారం దాకా కదలదు."

ఆయన కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. ఇన్నాళ్ళూ ఈ ప్రెస్సు నడుపుతున్న మనిషికి ప్లేట్ల గది తాళం సంగతి ఆ క్షణంలోనే తట్టినట్టుంది.

"మరి వాళ్ళకి రేపని చెప్పేశానమ్మా."

"ఒకసారి ఫోన్ చేసి అడగండి సార్. సోమవారం మధ్యాహ్నానికిస్తే ఇబ్బందా అని."

ఆయన అక్కడే ఫోన్ చేశాడు. జ్వరం బాబాయి కంప్యూటర్ వెనకాల తల దాచుకున్నాడు. అవతలివాళ్ళ మాట హాలంతటికీ వినపడింది: "సంతకం పెట్టాల్సిన మా మేడమ్ సోమవారమే వస్తారండీ. మీరే రేపిస్తామన్నారు, సరే అన్నాం."

తేలు కుట్టిన దొంగలా మేనేజరు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన్ని ఒక్క మాట అనడం ఎంత సులువో, ఎంత తియ్యగా ఉంటుందో ప్రూఫక్కకు తెలుసు. అనలేదు.

"మంచిదైంది సార్, మీరడిగారు కాబట్టి తేలింది," అంది.

"అవునవును," అన్నాడాయన, ఆ ఆలోచన తనదేనన్నట్టు. "అలాగే కానియ్యండి."

ఆమె చెప్పినట్టే కూర్చుని మోతాదులన్నీ చూసింది. ఒకచోట చెంచా బదులు రెండు చెంచాలని పడింది. ఎర్ర సిరాతో చుట్టి, మేనేజరుకు చూపించి, బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

పరీక్షలో ఒకసారి బండి ఆగిపోయింది. అయినా గట్టెక్కింది. ఆ మరునాడే మొగుణ్ణి సోఫాకు వదిలేసి తనే కారు నడుపుకుంటూ తల్లి దగ్గరికి వెళ్ళింది, చీకటి పడేదాకా కూర్చుంది. సోమవారం పెందలాడే వచ్చి మాట ప్రకారం సిరప్పు పెట్టె పూర్తి చేసింది.

బుధవారం మేనేజరు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో కప్పు లేదు.

"ఈ శనివారం ఒక అర్జెంటు పనుందమ్మా. మీకు వీలవుతుందా? లేకపోతే ఇప్పుడే చెప్పండి, ఇంకొకర్ని చూసుకుంటాను."

"వీలవదు సార్. అమ్మ దగ్గరికి వెళ్ళాలి."

"ఓ, సరే సరే. వెళ్ళి రండి." నవ్వుతూ వెళ్ళిపోయాడు. కోపం లేదు, మనసులో పెట్టుకోవడం లేదు. వెళ్తూ వెళ్తూ జ్వరం బాబాయి బల్ల దగ్గర ఆగాడు. బాబాయి అప్పుడే దగ్గడం మొదలుపెట్టాడు.

ప్రూఫక్క ఆయన వీపునే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆ మనిషిని రాక్షసుడనుకుంది, ఎదురాడితే నమిలేస్తాడనుకుంది. ఆయన రాక్షసుడైనా బాగుండేది. తల్లి గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిన శనివారాలన్నీ ఒక రాక్షసుడికి ధారపోశానని చెప్పుకోవడానికైనా ఉండేది. ఆయన వట్టి మతిలేని మనిషి. కాదంటే సరేననేవాడే, తనే ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు ఎవర్ని చులకనగా చూడాలో ఆమెకు తెలియలేదు.

స్కేలు తీసి వరుస కింద పెట్టుకుంది. చాలాసేపు ఆ ఒక్క వరుసే చదివింది.