ఖాళీ కుర్చీ వైపు చాపిన చెయ్యి

హనుమకొండలో మా చర్చి సభలకు వచ్చే ఉపన్యాసకులను ఇరవై ఏళ్లు జయరాజే పరిచయం చేశాడు. పేరు చెప్పేదాకా జనం కళ్లలోకి చూసేవాడు. పేరు పలకగానే ఉపన్యాసకుని వైపు పూర్తిగా తిరిగి, అరచెయ్యి చాపి, తానూ అటే చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసేవాడు. జనం చూపు ఆయన చూపు వెంటే పోయేది. తరువాత జయరాజును ఎవరూ గుర్తుంచుకునేవారు కాదు.

పందొమ్మిది వందల ఎనభై మూడులో మా బోధకుడు యోసేపు సంతాప సభలో ఆయన భార్య మరియమ్మ మొదటిసారి మాట్లాడాలి.

"జనం నా దిక్కు చూసేటట్టు చెయ్యి తమ్మీ. లేకుంటే నాకు నోరు రాదు," అన్నదామె.

ఆమె వేదికకు కుడివైపు కూర్చుంది. పేరు పలికి, జయరాజు అలవాటు కొద్దీ ఎడమకు తిరిగి చెయ్యి చాపాడు. అక్కడ యోసేపు ఎప్పుడూ కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. తలలన్నీ అటు తిరిగాయి.

తప్పు తెలిసి ఆయన మరియమ్మ పక్కకు వెళ్లి, ఆమెను చూస్తూ మళ్లీ చెయ్యి చాపాడు. ఒక్క తలా కదల్లేదు.

"నన్నే చూసి మాట్లాడు వదినా," అన్నాడు మెల్లగా.

ఆమె మాట్లాడింది. జనం కుర్చీనే చూస్తూ విన్నారు, ఏడ్చారు. బయటికి వస్తూ ఒక ముసలాయన జయరాజు చెయ్యి పట్టుకున్నాడు.

"యోసేపు అయ్యగారు ఇయాల ఎంత మంచిగ మాట్లాడిండు."

జయరాజు పక్కనే ఉన్న మరియమ్మ వైపు తిరిగాడు. ఆమె కొంగు సర్దుకుంది.

"ఆయన బతికున్నప్పుడు సుత గింతే గద తమ్మీ. మాట నాది, పేరు ఆయనది."