చెనిక్కాయ తొక్కల పశువులు

ఉరవకొండ దగ్గర ఒక పల్లెలో పశువుల ఆసుపత్రికి కాంపౌండరుగా వెళ్లినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. వానల్లేక సగం ఊరు బెంగుళూరుకు కూలికి పోయింది. నేను అద్దెకున్న ఇంటి అవ్వ కొడుకూ కోడలూ కూడా రెండున్నరేళ్ల కూతుర్ని ఆమె దగ్గర వదిలి వెళ్లారు. ఆసుపత్రి మూశాక నాతో మాట్లాడేవాళ్లు ఉండేవాళ్లు కాదు. అవ్వ కూడా మాటలు తక్కువ మనిషి.

మొదటి రోజే తప్పు చేశాను. ఆ పిల్లను పేరేమిటని గట్టిగా అడుగుతూ, వంగి, ఎత్తుకోవడానికి చేతులు చాపాను. పిల్ల అవ్వ చీరలో మొహం దాచుకుంది. ఇంకా దగ్గరికి జరిగితే ఏడుపు అందుకుంది. ఆ తర్వాత వారం రోజులు నా చెప్పుల చప్పుడు వింటేనే లోపలికి పరుగెత్తేది.

చివరికి అవ్వే చెప్పింది. "దాని కండ్లలోకి చూడొద్దప్పా. ఎత్తుకుంటే యాడికో తీసకపోతారని దానికి భయం. నీ పని నువ్వు చేసుకుంటా ఊరికే కూచో. అదే వస్తాది."

మరుసటి సాయంత్రం అవ్వ విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, ఒలుస్తుంటే నేనూ వసారాలో కింద కూర్చుని ఒలవసాగాను. పిల్లకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి, నాలుగు మూరల దూరంలో. లోపలికి పోయే దారికి అడ్డం రాలేదు. "వచ్చినావామ్మా" అని మెల్లగా ఒక్క మాట అని, మళ్లీ ఒలుచుకున్నాను. పిల్ల గుమ్మం చెక్క పట్టుకుని చూస్తోంది. నేను తల తిప్పలేదు.

ఖాళీ తొక్కలు రెండు నేల మీద పెట్టి, "ఎద్దులు పోతాండాయి" అని నాలో నేను అనుకున్నట్టు అన్నాను. ఏదీ అడగలేదు. ఒక తొక్కను మా ఇద్దరి మధ్య ఖాళీ జాగాలో పెట్టి, చేయి వెనక్కి తీసుకున్నాను. పిల్ల వచ్చింది, దాన్ని తీసుకుని అవ్వ ఒళ్లోకి పోయింది. పిలవాలనిపించింది, పిలవలేదు.

మూడు రోజులు అంతే. వచ్చేది, తీసుకునేది, పోయేది. నాలుగో రోజు నా మోకాలికి జానెడు దూరంలో గొంతుక్కూర్చుని, నా ఎద్దుల పక్కన చిన్న తొక్క ఒకటి పెట్టింది. నేను "ఎద్దు" అని నా తొక్కను చూపించి ఆగాను. చాలాసేపు ఆగాను. అవ్వ కూడా ఒలవడం ఆపింది.

"దూడ," అంది పిల్ల, తొక్క వైపే చూస్తూ.

"ఆఁ, దూడ," అన్నాను అంతే మెల్లగా.

అప్పుడు తల ఎత్తి నా మొహం చూసింది. "అమ్మ ల్యా," అంది.

దూడ సంగతో తన సంగతో నాకు తెలియలేదు. లేదని ఒప్పుకున్నాను. ఇద్దరం చీకటి పడేదాకా ఆ దూడ పక్కన ఒక్కొక్క తొక్కే పేరుస్తూ కూర్చున్నాం.