ఇజాజ్ సార్‌కు చెప్పాల్సిన మాట

ఇదివరకు పొద్దున లేస్తే మొగులమ్మకు ఆకాశంతో పని ఉండేది కాదు. ఆ సంగతి నర్సింహులు చూసుకునేవాడు. దాబా ఎక్కి నాలుగు దిక్కులూ చూసి, మెట్లు దిగుతూనే ఫోన్లు మొదలుపెట్టేవాడు. ఫ్యాక్టరీ షెడ్ల మీద రేకులు మార్చడం, కారే చోట అతుకులు వేయడం అతని పని. కంది నుంచి పటాన్‌చెరు దాకా అతని చెయ్యి పడని షెడ్లు తక్కువ. వంటింట్లో అన్నం డబ్బాలు కడుతూ ఆమె ఆ ఫోన్ మాటలన్నీ వినేది. ఎండాకాలంలో ఒక పొద్దున చాయ్ తాగుతూ గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఇప్పుడు పొయ్యి ముట్టించకముందే దాబా ఎక్కుతున్నది మొగులమ్మ. అతని ఫోన్ కూడా ఆమె దగ్గరే ఉంటోంది.

ఆ రోజు మాత్రం దాబా ఎక్కే పని లేకుండా పోయింది. రాత్రి మొదలైన వాన తెల్లారినా తగ్గలేదు. వాకిట్లో నీళ్లు మడమల దాకా వచ్చాయి. గడప దగ్గర చీపురుతో నీళ్లు నెట్టింది, అవి మళ్లీ వచ్చాయి, మళ్లీ నెట్టింది. కడిగిన చాయ్ గిన్నెనే ఇంకోసారి కడిగింది. కొంగున ముడేసిన ఫోన్‌ను తీసి చూసి, మళ్లీ ముడేసింది.

పది గంటలకు పటాన్‌చెరు దగ్గర డబ్బాలు ప్యాకింగ్ చేసే కంపెనీలో సైట్ చూడటానికి పోవాలి. షెడ్డు ఎక్కి ఎన్ని రేకులు పాడయ్యాయో చూసి కొలతలు తీసుకుంటేనే పనికి రేటు చెప్పడం కుదురుతుంది. నర్సింహులు పోయాక వచ్చిన మొదటి పెద్ద పని ఇదే. ఈ పని చేజారితే, ఉన్న మనుషులు వేరే మేస్త్రీల దగ్గరికి పోతారు. అప్పుడు ఈ ఫోన్ మోగడానికి కారణం ఉండదు. మొగులమ్మ భయం అదే.

నర్సింహులు అన్న కొడుకు శ్రీశైలం తడిసి ముద్దయి వచ్చాడు. ఇప్పుడు పని నడిపించేది అతనే.

"గిట్ల కొడితే పైకి ఎక్కుడైతదారా?" అంది మొగులమ్మ.

"ఏడైతది చిన్నమ్మా. పాత సిమెంటు రేకులవి, నాచు పట్టి ఉంటయ్. కాలు పెడితే సీదా కిందికే. అయినా ఇయ్యాల పైకెక్కనీకి వాళ్లే పర్మిట్ ఇయ్యరు."

"మరి ఫోన్ చేసి చెప్పు. జల్దీ చెప్పు."

శ్రీశైలం తువ్వాలుతో తల తుడుచుకుంటూ అటు తిరిగాడు. "దారిల ఉన్నమందాం. పది దాటినంక, ఇంద్రేశం మలుపు కాడ నీళ్లు నిలిచినయ్, బండి పోతలేదంటే కంపెనీ సారే ఇంకోనాడు రమ్మంటడు."

"మనం పైకెక్కుతుంటె చూసే సేఫ్టీ సారు హైదరాబాద్ నుంచి బయల్దేరతడు గద."

"బయల్దేరనీ. ఆయనకు కారుంటది, మనకా, నాకు చెప్పులు గూడ తెగినయ్."

అతను ఎందుకు ఫోన్ చేయడో మొగులమ్మకు తెలుసు. కంపెనీ మెయింటెనెన్స్ చూసే ఇజాజ్ సార్ ఎప్పుడు మాట్లాడినా ముందు నర్సింహులునే అడుగుతాడు. శ్రీశైలం ఒకసారి కాకకు జ్వరమన్నాడు, ఇంకోసారి జహీరాబాద్‌లో పెళ్లికి పోయాడన్నాడు. నర్సింహులు లేడని తెలిస్తే హైదరాబాద్ కాంట్రాక్టర్లను పిలుచుకుంటారని అతని భయం. మొగులమ్మ ఆ మాటకు ఎన్నడూ అడ్డుపడలేదు. ఆ అబద్ధంలో నర్సింహులు ఎక్కడో ఒక పెళ్లి పందిట్లో కూర్చుని, పప్పు చప్పగా ఉందని పక్కవాడితో అంటూ ఉన్నాడు. ఆమెకు అది బాగానే ఉండేది.

"మీ కాక ఏనాడన్న దారిల ఉన్నమని చెప్పి ఇంట్ల కూసున్నడా?" అంది.

శ్రీశైలం తడి తువ్వాలును గడప బయట పిండాడు.

మొగులమ్మ కొంగు ముడి విప్పింది. చదువు రాకపోయినా పేర్ల పక్కన నర్సింహులు పెట్టుకున్న బొమ్మలు ఆమెకు గుర్తే. ఇజాజ్ సార్ పేరు పక్కన గాలిపటం ఉంటుంది. దాని మీద నొక్కింది. చెయ్యి తడిగా ఉండి మొదటిసారి ఫోన్ పోలేదు. రెండోసారి నొక్కింది.

"సలామలేకుం నర్సింహులు భాయ్," అన్నాడు అవతల నుంచి.

"సార్, నేను వాళ్ల ఇంటామెను."

"అరె భాభీ, నమస్తే. చెప్పండి."

"ఇయ్యాల పదిగంటలకు వస్తమన్నం గద సార్. రాత్రి సంది వాన వదుల్తలేదు. తడి రేకుల మీద కాలు నిలువది. ఇయ్యాల వస్తలేం సార్. హైదరాబాద్ సారు బయల్దేరకముందే చెప్తున్న."

అవతల నిట్టూర్పు వినపడింది. "మంచిదాయె ముందే చెప్పిండ్రు. ఆయనను ఆపుత. కానీ ఇక్కడ మా పరేషాన్ సూడాలె భాభీ. లోపల వాన, బయట వాన. రేకుల కింద బకెట్లు పెట్టినం, అట్టడబ్బాలు తడుస్తున్నయ్. మళ్ల ఎప్పుడు?"

"గురువారం దాకా వాన ఉందంటున్నరు. తగ్గినంక ఒక్కరోజు గట్టిగ ఎండ కొట్టాలె. శనివారం గానీ ఆదివారం గానీ వస్తం. మీకేది కుదిరితే అది చెప్పండి."

"శనివారం లోడింగ్ ఉంటది. ఆదివారం అయితే మిషన్లు బంద్, కింద మనుషులు ఉండరు."

"ఆదివారమే మంచిది సార్. అప్పటికీ వాన పడితే పొద్దున్నే ఫోన్ చేస్త. ఇంకో మాట. ఇయ్యాల నీళ్లు కారే జాగల కింద చాక్‌పీస్‌తోని గుండ్రంగ గీసిపెట్టించండి. ఎండినంక ఎక్కడ కారిందో దొరకది."

ఇజాజ్ నవ్వాడు. "మా భాయ్ మాటే ఇది. ప్రతి వానకాలం నాతోని నేల మీద ముగ్గులేయిస్తడు. ఒకసారి ఆయనకియ్యండి. ఎన్ని నెలలాయె గొంతు విని. ఆదివారం ఆయననే రమ్మనండి, ఈ పిల్లగాండ్ల మీద ఇడిచిపెట్టొద్దు."

ఎదురుగా శ్రీశైలం చెయ్యి ఊపుతున్నాడు. ఊళ్లో లేడని చెప్పు, అన్నట్టు పెదవులు కదిలించాడు. ఫోన్ పట్టుకున్న మొగులమ్మ వాకిట్లోకి చూసింది. ఆదివారం అని ఇప్పుడే తన నోటితోనే చెప్పింది. ఆ రోజు గేటు దగ్గర ఇజాజ్ సార్ ఎవరి కోసమో చూస్తూ నిలబడతాడు.

"ఆయన రాడు సార్," అంది. "ఎండాకాలంల పోయిండు. గుండె ఆగింది."

చావు కబురు ఊరికి మరిది చెప్పాడు, చుట్టాలకు శ్రీశైలం చెప్పాడు. ఆమె దగ్గరికి వచ్చినవాళ్లంతా తెలిసి వచ్చినవాళ్లే. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు.

ఫోన్‌లో వాన చప్పుడే వినిపించింది. అక్కడి రేకుల మీద పడేది, ఇక్కడి వాకిట్లో పడేది కలిసిపోయాయి. తర్వాత ఇజాజ్ ఏదో ప్రార్థన మాట గొణిగాడు.

"పెండ్లికి పోయిండని చెప్పిండ్రు గద భాభీ."

"అవును సార్."

"నాక్కూడ చెప్పొద్దా. నేను మట్టి ఇయ్యనీకి రాకపోదునా?"

శ్రీశైలం గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"మా సేఠ్‌కు దాచను," అన్నాడు ఇజాజ్ చివరికి. "నర్సింహులు పేరు మీద ఇచ్చిన పని ఇది. సేఠ్ వద్దంటే నేను ఆపలేను. అయితే ఆదివారం పిల్లగాన్ని రమ్మనండి. ఆధార్ కార్డు తెమ్మనండి, గేట్ పాస్ రాయిస్త. కొలతలు తీసుకోనీ. మాట్లాడేది నాతోని మాట్లాడనీ, అబద్ధం మాత్రం ఆడొద్దనండి."

"సరే సార్."

"చాక్‌పీస్‌తోని నేనే గీస్త," అని పెట్టేశాడు.

శ్రీశైలం లేచాడు. "పని పోతే నా తప్పు కాదు చిన్నమ్మా."

"పోతే పోయింది. ఆదివారం మంచి చెప్పులేసుకుని పో."

అతను నవ్వబోయి ఆగి, బండి తీసుకుని నీళ్లలో పోయాడు.

మొగులమ్మ గడపలో కూర్చుంది. గడప ముందరి సాయబాన్ చూరు కింద బకెట్‌లో పొద్దున నానబెట్టిన బట్టలు సబ్బు నీళ్లలో ఉబ్బి పైకి తేలుతున్నాయి. ఇంకాసేపు ఉంటే రంగు దిగుతుంది. ఆమెకు తెలుసు. లేవలేదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని, ఆ పెళ్లి పందిట్లో నుంచి తన మనిషి లేచి వెళ్లిపోయినందుకు ఏడ్చింది. వాన ఆగలేదు. బట్టలు బకెట్‌లోనే ఉన్నాయి.