సిగ్నల్ దగ్గర ఆగని ఇంజను

ఉద్యోగంలో చేరిన పదో రోజు నా టేబుల్ ముందు ఆగిన కారును నడుపుకుంటూ వచ్చింది మా బాపే. ఫిర్యాదు కూడా ఆయన మీదే.

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద ఉన్న కార్ల సర్వీస్ సెంటర్లో నా పని. బండి తెచ్చినవాళ్లు చెప్పింది విని, జాబ్ కార్డు రాసి, లోపల మెకానిక్‌లకు అప్పజెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే, అదీ మెకానికల్ ఇంజనీరింగు. పట్టా చేతికొచ్చిన రోజు బాపు దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. మా ఇంట్లో నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. అవ్వ మాత్రం, "అయితే ఇగ కార్ల కింద పండుతవా బిడ్డా? గందుకా గింత సదివింది?" అంది. పండనవసరం లేదని, నాకు టేబులు, కుర్చీ, పైన ఫ్యాను ఉంటాయని చెబితే అప్పుడు నవ్వింది.

బాపు బోధన్‌లో ఒక మోటారు పంపుల దుకాణం యజమాని దగ్గర డ్రైవరు. ఆ యజమానిని అందరూ సాబ్ అనే పిలుస్తారు. ఆ ఊళ్లో ఎన్నో తరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబం. బాపు పదకొండేళ్లుగా ఆయన కారు నడుపుతున్నాడు. ఆ వేసవిలోనే సాబ్ కొత్త కారు కొన్నాడు. పెట్రోలు ఆదా కోసం సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజను తనంతట తాను ఆగి, క్లచ్ నొక్కగానే మళ్లీ స్టార్టయ్యే రకం అది.

సాబ్ నా ముందు కుర్చీలో కూర్చున్నాడు. బాపు కూర్చోలేదు. గోడ పక్కన నిలబడి నా బ్యాడ్జీ వైపే చూస్తున్నాడు.

"దేఖో బేటీ," అన్నాడు సాబ్. "మా తమ్ముని కొడుకు నడిపితే సిగ్నల్ కాడ ఇంజన్ బంద్ అయితది. మీ నాయన నడిపితే కాదు. బండి ఒకటే, సడక్ ఒకటే. ఇంజన్ గట్ల ఆగకుండ జేసే బటన్ ఒకటి ఉన్నది. మా పిలగాడేమో ఈయన రోజూ అది నొక్కుతుండు అంటడు. ఈయనేమో లేదంటడు."

"రోజూ నొక్కుత అంటే నేనెట్ల ఒప్పుకుంట సాబ్," అన్నాడు బాపు మెల్లగా.

"పెట్రోల్ సంగతి కాదు బేటీ. పదకొండేండ్లు నన్ను ఎన్క కూసోబెట్టుకొని తిప్పిన మనిషి నాకు అబద్ధం జెప్తుండా లేదా, గది తేల్చు. రేపటి సంది బండి ఎవరు నడపాలె అన్నది గప్పుడు జెప్త."

నేను లోపలికి వెళ్లి మా సీనియర్ మెకానిక్‌తో సంగతి చెప్పాను. ఆయనది మాక్లూర్ ఊరు, అందరం మాక్లూర్ అన్న అంటాం. చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇంకేం, కేసు నీదే. కని నువ్వు కన్నబిడ్డవు, నీ సాక్ష్యం సెల్లది. ఏది జెప్పినా సూపెట్టి జెప్పాలె."

నేను హడావిడి పడ్డాను. కారు అప్పటికే గంటసేపు ఎండలో నిలబడి ఉంది. ఇంజను స్టార్ట్ చేసి, లోపల కొలిమిలా ఉంటే ఏసీ ఫుల్లుగా పెట్టి, ఆవరణలో ఒక చుట్టు తిప్పి, ఆపి, న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలాను. ఇంజను ఆగలేదు. మళ్లీ చేశాను. ఆగలేదు. గంతులేసుకుంటూ లోపలికి పరుగెత్తాను.

"బ్యాటరీ వీకయింది సాబ్! చార్జి తక్కువుంటే మళ్లీ స్టార్ట్ కాదేమోనని బండే ఇంజన్ను బంద్ చెయ్యదు. బాపు తప్పేం లేదు!"

బాపు మొహం వెలిగింది. ఆ వెలుగు ఐదు నిమిషాలే. అన్న మీటరు పెట్టి బ్యాటరీ పరీక్షించి తల ఊపాడు.

"బ్యాటరీ గుర్రం లెక్క ఉన్నది. ఏమమ్మ ఇంజనీరూ, ఎండల కాగిన బండి, ఏసీ ఫుల్లు. ఇంజన్ బంద్ అయితే ఏసీ కంప్రెసర్ గూడ బంద్. ముందు లోపలోళ్లు సల్లబడాలె, గప్పుడే అది ఇంజన్ను ఆపుతది. పొద్దుగాల ఇంజన్ సల్లగున్నప్పుడు గూడ ఆపది. సీటు బెల్టు పెట్టుకోకున్నా ఆపది. నువ్వు గివేవీ సూడకనే తీర్పు జెప్పినవ్."

నాలుగేళ్లు చదివింది ఆ ఆవరణలో ఒక్క చుట్టుకే ఆవిరైపోయినట్టు అనిపించింది. సాబ్ టీ తాగుతున్నాడు.

నలుగురం కారెక్కాం. అన్న నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక సాబ్, బాపు. కంఠేశ్వర్ సిగ్నల్ దాకా వెళ్లేసరికి లోపల హాయిగా చల్లబడింది. ఎర్ర లైటు పడింది. అన్న ఆపి, న్యూట్రల్ చేసి, క్లచ్ మీంచి కాలు తీశాడు. ఇంజను ఠక్కున ఆగింది. ఫ్యాను చప్పుడు మాత్రమే మిగిలింది.

"దేఖా!" అన్నాడు సాబ్. బాపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. బండి బాగుంటే తప్పు ఎవరిదన్నట్టు? నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది.

"ఇప్పుడు పెద్దమనిషి నడపాలె," అన్నాడు అన్న.

బాపు ముందుకొచ్చి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. అన్న వెనక్కి వెళ్లాడు. ఒక చుట్టు తిరిగి అదే సిగ్నల్‌కు వచ్చాం. ఎర్ర లైటు. కారు ఆగింది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది.

"నొక్కిండు!" అన్నాడు సాబ్.

"లేదు సాబ్, చూడండి," అన్నాను. "బటన్ నొక్కితే దాని మీద లైటు వెలగాలి. వెలగలేదు. ఇంకొకటి, ఒకసారి నొక్కినంత మాత్రాన ఇంజన్ ఆగే పద్ధతి ఎప్పటికీ బంద్ అయి ఉండదు. తాళం తీసి మళ్లీ పెట్టగానే దానంతట అదే ఆన్ అయితది. బాపు దాన్ని ఆపాలంటే బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ నొక్కాలి. మీరు వెనకనే కూర్చుంటరు, మీకు కనబడదా?"

సాబ్ ముందుకు వంగి బటన్ వైపు చూశాడు. నిజంగానే దాని మీద లైటు లేదు. నేను గెలిచాననుకున్న ఆ క్షణంలోనే బాపు నోరు విప్పాడు.

"ఒక్కసారి నొక్కిన సాబ్. అబద్ధమెందుకు. మొన్న ఆన పడ్డప్పుడు రైలు కట్ట కింద నీళ్లల్ల నొక్కిన."

"బాపూ!" అన్నాను నేను. ఇప్పుడా చెప్పేది?

"యా అల్లా," అన్నాడు సాబ్. "అంటే నొక్కినవ్!"

"నీళ్లు సైలెన్సర్ దాకా వచ్చినయ్ సాబ్. ముంగట లారీ ఆగింది. ఇంజన్ గా నీళ్లల్ల బంద్ అయితే మిమ్మల్ని ఎత్తుకొని ఒడ్డుకు తేవాలె. నాకాడ గంత బలం లేదు."

సాబ్ కొంచెం లావుపాటి మనిషి. అన్న వెనక సీట్లో దగ్గు నటించాడు.

"అక్కడ నొక్కింది మంచి పనే సాబ్," అన్నాడు తర్వాత. "నీళ్లల్ల ఇంజన్ నడుస్తనే ఉండాలె. గందుకే గా బటన్ ఇచ్చింది. అంగట్ల గిట్ల రెండడుగులు పోయి ఆగుడు, రెండడుగులు పోయి ఆగుడు ఉన్నప్పుడు గూడ నొక్కుకోవచ్చు. రోజూ నొక్కుడు మాత్రం దండుగ."

వెనక ఆటోలు హారన్ కొట్టసాగాయి. పచ్చ లైటు పడింది. బాపు క్షణం ఆగకుండా రివ్వున ముందుకు తీశాడు. అప్పుడు తట్టింది నాకు. ఇందాక అన్నకు గేరు వేసుకుని కదలడానికి కొంచెం సమయం పట్టింది. బాపుకు అసలు పట్టలేదు. ఏసీ చూశాను, బ్యాటరీ చూశాను, మీటరు మీద లైట్లన్నీ చూశాను. బాపు కాళ్లు చూడలేదు.

తర్వాతి సిగ్నల్ దగ్గర వంగి చూశాను. కుడి కాలు బ్రేకు మీద. ఎడమ కాలు క్లచ్‌ను చివరిదాకా తొక్కి పట్టుకుని ఉంది. గేరు ఒకటిలో.

"బాపు, న్యూట్రల్ చెయ్యవా?"

"ఎందుకు? ముంగటోడు కదిలితే మనం కదలాలె గద."

"ఎప్పుడూ గిట్లనే పట్టుకుంటవా?"

"మరి? చెరుకు లైన్ల న్యూట్రల్ జేసి కూసుంటే అయిపాయె. గింత సందు దొరికితే పక్కోడు ట్రాక్టర్ దూరుస్తడు. నీ కాటా గంట ఎన్కకు పోతది."

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బాపు ట్రాక్టరు మీద చెరుకు తోలేవాడు. తూకం కాటా దగ్గరికి చేరేదాకా బండ్ల వరుసలో ఒక్కో అడుగే జరగాలి. గేరులోనే ఉండి, కాలు క్లచ్ మీదే ఉంచి, ముందు బండి జరిగిన మరుక్షణం జరగాలి. అదే అక్కడి చదువు. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లు గడిచినా ఆయన కాలు ఇంకా ఆ వరుసలోనే ఉంది.

"సాబ్!" అని దాదాపు అరిచాను. "క్లచ్ తొక్కి ఉన్నంతసేపు డ్రైవరు ఇప్పుడే కదులుతడని బండి అనుకుంటది. అందుకే ఇంజన్ ఆపది. న్యూట్రల్ చేసి కాలు తీస్తేనే ఆపుతది. బాపు బటన్ కాదు, క్లచ్ నొక్కుతున్నడు!"

"తీసి సూపెట్టు," అన్నాడు సాబ్.

బాపు బెరుకుగా న్యూట్రల్ చేశాడు. కాలును ఒక్కో వేలూ తీస్తున్నట్టు మెల్లగా తీశాడు. ఇంజను ఆగింది.

"బిడ్డా, బండి సచ్చింది!"

సరిగ్గా అప్పుడే పచ్చ లైటు పడింది. వెనక ఆటో అతను తల బయటపెట్టి, "ఓ పెద్దమనిషీ, పండుకున్నవా? సాప తేవాల్నా?" అని అరిచాడు.

"క్లచ్ నొక్కు బాపు! క్లచ్!"

నొక్కాడు. ఇంజను లేచింది. బాపు నోరు తెరుచుకుని నా వైపు చూశాడు. తర్వాత ముందుకు కదిలిస్తూ, "కాలు తీస్తే సస్తది, పెడితే లేస్తది. ఇదేం తమాషానే," అన్నాడు. వెనక సాబ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కారంతా ఊగింది.

ఆ తర్వాతి రెండు సిగ్నళ్ల దగ్గర కూడా ఇంజను బుద్ధిగా ఆగింది, లేచింది. మూడోసారి బాపే, "ఇగ సూడుండ్రి," అని ముందే చెప్పాడు.

"గిన్నిసార్లు ఆన్, బంద్ అయితే స్టార్టర్ ఖరాబ్ కాదా?" అనడిగాడు సాబ్. అన్న సర్దుకుని కూర్చున్నాడు.

"ఈ పని కోసం గట్టి స్టార్టర్ ఇస్తరు సాబ్, బ్యాటరీ గూడ దీనికి తగ్గదే. రేపు బ్యాటరీ మార్చాల్సొస్తే మాత్రం మామూలుది పెట్టియ్యకుండ్రి, గప్పుడు నిజంగనే తకలీఫ్. ఇంక క్లచ్ మీద కాలు గిట్ల పట్టుకొని ఉంటే క్లచ్ బేరింగే జల్ది అరుగుతది. పెద్దమనిషి, గది మానెయ్యి."

"ముప్పై ఏండ్ల కాలు అన్నా. మెల్లగ ఇంటది," అన్నాడు బాపు.

సర్వీస్ సెంటర్ ముందు దిగాక సాబ్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నేను జాబ్ కార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. 'లోపం ఏమీ లేదు' అని రాయాలా, 'క్లచ్ అలవాటు' అని రాయాలా తెలియలేదు. బాపు కారు తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. తలుపు తెరవలేదు. తెరిచే హక్కు ఇంకా ఉందో లేదో ఆయనకు తెలియదు.

సాబ్ బాపు దగ్గరికి వెళ్లాడు.

"పిలగాని మాట ఇన్న. గల్తీ నాది," అన్నాడు. తర్వాత మామూలు గొంతుతో, "రేపు పొద్దుగాల ఏడు గంటలకు రా. నాందేడ్ పోయేదున్నది. దార్ల నీళ్లుంటే బటన్ నొక్కు, నన్ను అడగకు."

"అట్లనే సాబ్," అన్నాడు బాపు. వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

సాబ్ ఎక్కబోతూ ఆగి, "ఈమె నీ బిడ్డ అని పొద్దుగాల్నే జెప్పినవ్ గని, ఇంజనీరని జెప్పలే," అన్నాడు.

"జెప్పిన సాబ్," అన్నాడు బాపు. "బోధన్ సంది ఇక్కడిదాంక గదే జెప్పుకుంట వచ్చిన. మీరు ఫోన్ల ఉన్నరు."