పది సగాల లెక్క

నాకు నోరు ఎక్కువ. ఈ మాట మా అమ్మ చిన్నప్పటి నుంచీ అనేది, తర్వాత హాస్టల్లో అన్నారు, ఇప్పుడు నరసరావుపేటలో మా స్కానింగ్ సెంటర్లో అందరూ అంటారు. అందుకే మధ్యాహ్నం పూట నా పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినరు అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, అది నా నోటికి భయపడి కాదు, నా గదికి భయపడి.

మా సెంటర్ వెనక, జనరేటరు పక్కన, ఒక చిన్న గది ఉంది. దాని తలుపు మీద పసుపు రంగులో మూడు రెక్కల గుర్తు. మాచర్ల నుంచి, గురజాల నుంచి వచ్చే రోగులకు మేము నరంలోకి ఒక మందు ఎక్కిస్తాం. అది ఎముకల్లోనో గుండెలోనో చేరి కిరణాలు విడుస్తుంది, కెమెరా వాటిని పట్టుకుని బొమ్మ చేస్తుంది. ఎక్కించాక మిగిలే సిరంజీలకు, గ్లౌజులకు, దూదికి కూడా ఆ మందు అంటుకుని ఉంటుంది. వాటిని వెంటనే బయట పారేయకూడదు. ఆ గదిలో సీసపు రేకు తొడిగిన డబ్బాల్లో పెట్టి, దాని మానాన అది చల్లారేదాకా ఆగాలి. ఆగడమే పని. ఆ ఆగడానికి బాధ్యురాలిని నేను.

లెక్క సులువే. మేము రోజూ వాడే టెక్నీషియం ఆరు గంటలకు సగమవుతుంది. ఇంకో ఆరు గంటలకు ఆ సగంలో సగం. అలా పది సార్లు సగమైతే, అంటే అరవై గంటలకు, మొదట ఉన్నదాంట్లో వెయ్యో వంతు కూడా మిగలదు. శనివారం సాయంత్రం మూత వేసిన సంచి మంగళవారం తెల్లారేసరికి చల్లారిపోతుంది. అప్పుడు కిరణాలు కొలిచే సర్వే మీటరు పెట్టి చూసి, మామూలు గాలిలో ఉండేంతే చూపిస్తే, పసుపు గుర్తు చింపేసి, రిజిస్టర్లో అంకె రాసి, మామూలు ఆసుపత్రి చెత్తలో కలిపి పంపిస్తాం. అయోడిన్ సంగతి వేరు. అది సగం కావడానికి ఎనిమిది రోజులు. పది సగాలంటే ఎనభై రోజులు. అందుకే దానికి వేరే డబ్బా.

ఆ గది దగ్గరికి వచ్చే మనిషి నేను కాక ఒక్కరే. ఊడ్చే పని చేసే ఆమె. యాభై ఏళ్లుంటాయి. ముస్లింల ఇళ్లలో పెద్దక్కను ఆపా అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. చేరిన మొదటి వారంలోనే అడిగింది.

"ఏందమ్మా, ఇందులో దెయ్యముందా? అందరూ అట్టా చుట్టూ తిరిగి పోతన్నారు."

"దెయ్యం లేదు, కిరణాలు."

"కనపడతయ్యా?"

"కనపడవు."

"మరి దెయ్యమంటే ఏందమ్మా ఇంక!" అని పకపకా నవ్వింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం గది బయట వేపచెట్టు కింద, నేను మీటరు పెట్టి చూసిన చోట, ఇద్దరం కూర్చుని తినేవాళ్లం. ఆమె డబ్బాలో గోంగూర, నా డబ్బాలో ఎప్పుడూ పెరుగన్నం. "ఒక్కదానివే గదా, వండుకోవటానికి బద్ధకం" అని తిట్టి సగం గోంగూర నా గిన్నెలో పెట్టేది. రెండేళ్లు. నిజం చెప్పాలంటే, ఆ ఊళ్లో నన్ను తిట్టేటంత చనువు ఇంకెవరికీ లేదు.

ఆ శనివారం రద్దీ. కెమెరా పొద్దున్నే మొరాయించింది. నూజెండ్ల వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన థైరాయిడ్ ఆపరేషన్ అయినవాడు, స్కాన్ కోసం అయోడిన్ మింగించి రెండు గంటలు కూర్చోబెట్టాం. ఆయనకు మూత్రం ఆగదు, డైపరు వేసుకునే వచ్చాడు. మింగిన అయోడిన్ చాలావరకు మూత్రంలోనే బయటికి పోతుంది. డైపరు మార్చి ఇంటికి పంపాం. ఆపా గ్లౌజులు వేసుకుని, ఆ డైపరును సంచిలో చుట్టి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను ఫోన్లో కెమెరా కంపెనీవాడితో గొడవ పడుతున్నాను.

"అమ్మా, ఇది ఏ డబ్బాలో వేసేది?"

నేను తల తిప్పలేదు. చెయ్యి మాత్రం చూపించాను. "ఆ డబ్బాలో పడెయ్ ఆపా, ప్రాణం తీయకు."

చూపించింది టెక్నీషియం డబ్బా.

బుధవారం పొద్దున చెత్త లారీ వచ్చి హారన్ కొడుతోంది. నా మీటరు బ్యాటరీ ముందు రోజే చచ్చింది, కొత్తది తెప్పించమని అడిగాను, రాలేదు. శనివారం సంచి చేతిలో ఉంది. అరవై గంటలు దాటి ఇంకో రోజు కూడా గడిచింది. ఇన్నేళ్లలో టెక్నీషియం సంచి ఒక్కసారి కూడా నన్ను మోసం చేయలేదు. మీటరు చూడకుండానే, చూసినట్టు రిజిస్టర్లో అంకె రాసి, సంతకం పెట్టి, సంచి పంపేశాను. రాయడానికి పట్టినంత సేపు కూడా ఆలోచించలేదు.

లెక్క తప్పలేదు. లెక్క కట్టింది ఒక సరుకుకు, సంచిలో ఉన్నది ఇంకో సరుకు. నాలుగు రోజుల్లో అయోడిన్ కనీసం సగం కూడా కాలేదు.

చెత్త కాల్చే ప్లాంటు గేటు దగ్గర కిరణాలు పసిగట్టే అలారం మోగింది. మధ్యాహ్నానికి లారీ తిరిగి వచ్చింది. డ్రైవరు సంచిని గేటు బయటే దింపి పది అడుగుల దూరం పరిగెత్తాడు. నర్సులు కిటికీల్లోంచి చూస్తున్నారు. అప్పటికి కొత్త బ్యాటరీ వచ్చింది. మీటరు పెడితే గోల గోల. ఎంత చల్లారాలో అంత చల్లారకపోవడం చూడగానే నాకు అర్థమైంది, ఇది అయోడిన్ అని. ముసలాయన గుర్తొచ్చాడు. నా చెయ్యి గుర్తొచ్చింది.

మేనేజరు రిజిస్టరు తెప్పించాడు. నా అంకె చూశాడు. "మేడం చూసినప్పుడు బాగానే ఉంది. అంటే మేడం చూసిన తర్వాత ఎవరో ఏదో కలిపారు." తల తిప్పి ఆపా వైపు చూశాడు. "ఎన్నిసార్లు చెప్పాలి మీకు, ఏది ఎందులో వేయాలో?"

ఆపా అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది. 'నేను అడిగాను గదా' అని ఆమె ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. నేను అంటానని ఆగింది.

నేను మీటరు వంక చూస్తూ నిలబడ్డాను. నాకు నోరు ఎక్కువ అంటారే, ఆ నోరు ఆ పూట పడిపోయింది. రేపటి నుంచి పనిలోకి రావద్దని ఆమెతో అన్నాడు మేనేజరు. ఆమె చీపురు గోడకు ఆనించి, డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

గురువారం ఒక్కదాన్నే తిన్నాను. శుక్రవారం తినలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఎవరూ అడక్కపోయినా గ్లౌజులు, ఏప్రాను వేసుకుని ఆ సంచి విప్పాను. పైన శనివారం సాయంత్రపు సిరంజీలు, వాటి కింద గ్లౌజులు, అన్నిటికంటే కింద డైపరు. మూత వేయకముందే అది లోపల ఉంది. తర్వాత ఎవరూ ఏమీ కలపలేదు. అది చెప్పగలిగిన దాన్ని నేనొక్కదాన్నే, ఎందుకంటే ఆ సంచిని ముట్టుకునే ధైర్యం ఇంకెవరికీ లేదు. నేను నోరు మూసుకుంటే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రావడానికే సిగ్గేసింది, కానీ వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవాలి.

శనివారం మేనేజరు ఒక కాగితం తెచ్చాడు. నేను పరీక్షించిన తర్వాతే పారిశుద్ధ్య సిబ్బంది నిర్లక్ష్యం వల్ల కలుషిత వస్తువు కలిసిందని అందులో ఉంది. పై అధికారులకు పంపాలని, సంతకం పెట్టమన్నాడు. పెన్ను కూడా మూత తీసి ఇచ్చాడు.

"కలిపింది ఆమె కాదు, నేను. ఆమె అడిగింది, నేను చూడకుండా తప్పు డబ్బా చూపించాను. మీటరు పనిచేయలేదు. ఆ అంకె నేను దొంగరాత రాశాను" అన్నాను.

అతను తలుపు మూశాడు. "ఇప్పుడు చెబుతారేంటండీ ఈ మాట? మూడు రోజులు ఏం చేశారు?"

నేను పెన్నుకు మూత పెట్టి అతని ముందు పెట్టాను. ఆ కాగితం మార్చి రాశారు. గది తాళాలు నా దగ్గర తీసుకుని ఇంకొకరికి ఇచ్చారు, మళ్లీ శిక్షణ అయ్యేదాకా. ఆ డైపరును అయోడిన్ డబ్బాలో పెట్టారు. ఎనభయ్యో రోజున మీటరు పెడితే ఇంకా కాస్త ఎక్కువే చూపించిందట. మొదట్లో ఎక్కువ ఉంటే, వెయ్యో వంతు అయినా ఎంతో కొంత ఉంటుంది. ఇంకో రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. పది సగాలన్నది ఎప్పుడు తలుపు తట్టాలో చెబుతుంది గానీ, లోపల ఎవరూ లేరని చెప్పదు. అది మీటరు చెప్పాలి. ఈ ముక్క నాకు చదువులోనే నేర్పారు, నేనే పదిమందికి నేర్పాను కూడా.

కాగితం మార్చిన ఆ సాయంత్రమే ఆపాకు ఫోన్ చేసి చెప్పాను, పనిలోకి రమ్మంటున్నారని, తప్పు నాదని ఒప్పుకున్నానని.

"పని సంగతి తర్వాత. రేపు ఆ మిషను తీసుకుని మా ఇంటికి రా."

మేనేజరును బతిమాలి మీటరు అడిగి తీసుకుని ఆదివారం పొద్దున వెళ్లాను. సందు చివర రేకుల ఇల్లు, ముందు వరండా. వరండాలో ఆమె మంచం, దాని కింద ఒక పళ్లెం, ఒక గ్లాసు, విడిగా. ఆమెకు కిరణాలు అంటుకున్నాయని లారీ డ్రైవరు చెప్పిన మాట బుధవారం రాత్రికే ఆ సందుకు చేరింది. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు లాక్కున్నారు. ఇంట్లో అయిదు నెలల మనవడున్నాడు. ఆ రోజు నుంచి కోడలు వాణ్ని ఆమె చేతికి ఇవ్వలేదు. కోడల్ని తప్పు పట్టలేను. కనపడని దానికి భయపడొద్దని ఎవరు చెప్పగలరు?

కోడలు గడపలో నిలబడింది, పిల్లాణ్ని ఎత్తుకుని. చుట్టుపక్కల వాళ్లు గోడల మీదుగా చూస్తున్నారు. ముందు ఖాళీ వీధిలో మీటరు పెట్టి అంకె చూపించాను. తర్వాత ఆపా అరచేతులు, గోళ్లు, జుట్టు, చీర, మంచం, చెప్పులు. అన్నిచోట్లా అదే అంకె.

"అంటే ఏం లేనట్టేనా అండీ?" అంది కోడలు.

"ఏమీ లేదమ్మా. ఈ వీధిలో ఎంతో ఈమె చేతుల్లోనూ అంతే. పిల్లాణ్ని ఇవ్వచ్చు."

కోడలు ఒక అడుగు ముందుకు వేసింది. ఆపా చెయ్యి చాపలేదు. నా ముఖంలోకి చూసింది. ఆ రోజు మేనేజరు ముందు చూసినట్టే.

"ఈసారి నిజంగా చూశావా అమ్మా?"

వెటకారం కాదు. ఒక్క రవ్వ కూడా లేదు వెటకారం. పసివాడి సంగతి, అందుకని అడిగింది. ఆ చూపును తట్టుకోవడం నా వల్ల కాలేదు.

"చూశాను ఆపా."

"ఇంకోసారి చూడు."

రెండు అరచేతులూ చాపింది. నేను మళ్లీ మీటరు పెట్టాను, నెమ్మదిగా, ఒక్కో వేలి దగ్గరా ఆపుతూ, ఆమెకు కూడా కనిపించేలా తిప్పి పట్టుకుని. అయ్యాక ఆమె తల ఊపింది. కోడలు పిల్లాణ్ని ఇచ్చింది. వాణ్ని గుండెకు అదుముకుని, నా వైపు మళ్లీ చూడకుండా లోపలికి వెళ్లింది.

కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె మళ్లీ పనిలోకీ రాలేదు.